రెండో గీత

అనంతపురం మెట్టలో బోరు వేయించాలనుకున్న రైతు ముందు నీళ్లు చూసేవాణ్ణి పిలిపిస్తాడు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఒకచోట కాయ నిటారుగా లేస్తుంది. అక్కడ రాయి పాతి గుర్తు పెడతారు. బండి పిలవడమే తరువాయి. కానీ నాలుగు బోర్లు ఎండగొట్టుకున్న రైతు వెంటనే బండికి ఫోన్ చేయడు. రచ్చకట్ట దగ్గర కూర్చుని అడుగుతాడు: "ఈ పక్క ఎన్ని బోర్లు వేసినారప్పా? ఎన్నింట్లో నీళ్లు పడినాయి?"

"పది వేసినాం. రెండింట్లో పడినాయి."

ఆ జవాబు విన్నాక కాయ లేచిన సంగతి ఆయన బుర్రలో కొంచెం చిన్నదవుతుంది. కాయ లేవలేదని కాదు. లేచింది, ఆయన కళ్లారా చూశాడు. అయితే ఆ నేలలో పదికి రెండే పడతాయన్నప్పుడు, లేచిన కాయ మాటను ఎంతవరకు నమ్మాలో ఆ పదీ రెండూ తేలుస్తాయి. గుర్తు కనిపించకముందే ఆ గుంపులో విషయం ఎంతమందికి ఉందో చెప్పే ఇలాంటి అంకెను గణాంకశాస్త్రంలో మూల రేటు అంటారు. బేస్ రేట్ అన్నా అదే.

ఇదే రైతు తన కోడలి రక్తపరీక్ష కాగితం చేతికొచ్చినప్పుడు మాత్రం ఆ ప్రశ్న అడగడు. కాగితం మీద 'రియాక్టివ్' అని ఉంటుంది. ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగిందే చెబుతున్నాను. కాన్పు ఆపరేషన్‌కు ముందు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో హెచ్ఐవీ పరీక్ష చేశారు. ఒకే ఒక కార్డు, ఒకే ఒక్కసారి. రెండో గీత వచ్చింది. అక్కడి మనిషి ఆ కార్డును అమ్మాయి భర్తకు చూపించి, "పాజిటివ్ ఉంది" అన్నాడు. ఆ సాయంత్రానికి అత్తగారి వైపు వాళ్లు ఆసుపత్రి వరండాలో లేరు. పన్నెండు రోజుల తర్వాత ప్రభుత్వ కేంద్రంలో మళ్లీ పరీక్షలు చేస్తే ఆ అమ్మాయికి ఏమీ లేదని తేలింది. ఆ పన్నెండు రోజుల్లో ఆ ఇంట్లో అన్న మాటలను ఏ పరీక్షా వెనక్కి తీసుకోలేదు.

కార్డు పాడైపోయిందా? కాలేదు. అది బాగానే పనిచేసింది. చిక్కంతా ఇక్కడే ఉంది.

హెచ్ఐవీ ర్యాపిడ్ కార్డు పరీక్షను వేలి నుంచి తీసిన చుక్క రక్తంతో చేస్తారు. వైరస్ మీద ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు రక్తంలో ఉంటే, కార్డు మీద ముందే పూసి ఉంచిన వైరస్ ప్రోటీన్లకు అవి అతుక్కుంటాయి. అక్కడ రంగు గీత వస్తుంది. ఇంకో గీత కంట్రోల్ గీత. కార్డు పనిచేస్తోందని చెప్పడమే దాని పని. అది రాకపోతే ఫలితం ఏదైనా కార్డును పారేసి మళ్లీ చేయాలి. రెండూ వస్తే రియాక్టివ్. ఈ మాటను గమనించండి. కార్డు చెప్పేది రక్తంలో ఏదో వచ్చి ఆ ప్రోటీన్‌కు అతుక్కుందని మాత్రమే. అతుక్కున్నది హెచ్ఐవీ యాంటీబాడీయే అయ్యే అవకాశం ఎక్కువ. ఎప్పుడైనా ఒకసారి వేరే రోగం మీద పుట్టిన యాంటీబాడీ కూడా అదే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది.

అందుకే ప్రతి కార్డుకూ రెండు గుణాలు చూస్తారు. రోగం ఉన్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంటుంది అన్నది ఒకటి. లేనివాళ్లలో ఎంతమందిని సరిగ్గా వదిలేస్తుంది అన్నది రెండోది. మన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో కొనే ర్యాపిడ్ కిట్లు ఉన్నవాళ్లలో కనీసం 99.5 శాతం మందిని పట్టుకోవాలి, లేనివాళ్లలో కనీసం 98 శాతం మందిని వదిలేయాలి. వినగానే ఎవరికైనా తోచేది ఒకటే: 98 శాతం సరిగ్గా చెప్పే కార్డు పాజిటివ్ అంది కాబట్టి 98 శాతం రోగం ఉన్నట్టే.

ఈ తప్పు చదువు తక్కువైనందువల్ల వచ్చేది కాదు. 1978లో వార్డ్ కాసెల్స్, ఆయన సహచరులు హార్వర్డ్ బోధనాసుపత్రుల్లో 60 మంది వైద్యులను, వైద్య విద్యార్థులను ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిమందిలో ఒకరికి ఉండే రోగం. రోగం లేనివాళ్లలో కూడా 5 శాతం మందికి పాజిటివ్ చూపే పరీక్ష. మనిషి గురించి ఇంకేమీ తెలియదు, పాజిటివ్ వచ్చింది. నిజంగా రోగం ఉండే అవకాశం ఎంత? అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు 95 శాతం. సరైన జవాబుకు దగ్గరగా వచ్చినవాళ్లు 11 మంది.

సరైన జవాబును వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెయ్యిమందిని వరుసలో నిలబెట్టండి. ఒకరికి రోగం ఉంది, ఆయనకు పాజిటివ్ వస్తుందనుకుందాం. మిగిలిన 999 మందిలో 5 శాతం అంటే సుమారు 50 మందికి ఊరికే పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 51. వాళ్లలో రోగి ఒక్కరు. రెండు శాతం.

ఇక్కడ శాతాలన్నీ పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టాం, అంతే. గెర్డ్ గిగరెంజర్, ఉల్రిక్ హాఫ్‌రేజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఇలాంటి లెక్కలనే శాతాల్లో ఇచ్చి చూశారు, మనుషుల సంఖ్యల్లో ఇచ్చి చూశారు. శాతాల్లో ఇచ్చినప్పుడు 16 శాతం సరిగ్గా చేశారు. సంఖ్యల్లో ఇచ్చినప్పుడు 46 శాతం. సంఖ్యల్లో ఇచ్చినా సగం మందికి పైగా తప్పారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇదేమీ మంత్రం కాదు. కానీ వేరుశనగ మూట తూకం వేసే ముందు గుప్పెడు కాయలు ఒలిచి, వందలో ఎన్ని తాలు కాయలో చూసే మనుషులకు ఈ పద్ధతి కొత్తగా నేర్పక్కర్లేదు. దీన్ని ఈ అధ్యాయంలో తలలెక్క అందాం.

ఇక మన కార్డు దగ్గరికి వద్దాం. ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. 2021 అంచనాల ప్రకారం ఇక్కడ పెద్దవాళ్లలో 0.67 శాతం మందికి ఉంది, దేశం సగటు 0.21 శాతం. అనంతపురం ప్రాంతంలో ఈ రోగం గురించి బాగా తెలుసు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిన బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఏళ్ల తరబడి హెచ్ఐవీ రోగులకు వైద్యం చేస్తోంది. ఆ రోగుల వివరాల ఆధారంగా, విన్సెంట్ ఫెర్రర్ పేరిట నడిచిన అధ్యయనం నుంచి ఎన్నో పరిశోధనా వ్యాసాలు వచ్చాయి. 'ఎక్కువగా ఉన్న రాష్ట్రం' అన్నా సరే, 0.67 శాతం అంటే వెయ్యికి ఏడుగురు కూడా కాదు.

గర్భిణులలో ఇంకా తక్కువ ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి 10,000 మంది గర్భిణులలో 30 మందికి ఉందనుకుందాం. కార్డు కనీస ప్రమాణం దగ్గర, అంటే 98 శాతం దగ్గర, పనిచేస్తోందనుకుందాం. 30 మందీ పట్టుబడతారు. మిగిలిన 9,970 మందిలో 2 శాతం, అంటే దాదాపు 199 మందికి ఊరికే గీత వస్తుంది. రియాక్టివ్ వచ్చినవాళ్లు మొత్తం 229 మంది. వాళ్లలో నిజంగా ఉన్నవాళ్లు 30. నూటికి 13. గీత వచ్చిన ప్రతి ఎనిమిది మందిలో సుమారు ఒకరు.

మంచి కిట్లు ఇంతకంటే బాగా పనిచేస్తాయి. లేనివాళ్లలో 99.5 శాతం మందిని వదిలేసే కార్డు అనుకుంటే తప్పుడు గీతలు 50కి దిగుతాయి. అప్పుడు 80 మందిలో 30 మంది నిజం. అప్పటికీ సగం కంటే తక్కువే. వరండాలోంచి వెళ్లిపోయిన ఆ అత్తగారివాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అదే కార్డును క్షయ వార్డుకు తీసుకువెళ్దాం. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు క్షయ తేలిగ్గా పట్టుకుంటుంది కాబట్టి ఆ వార్డులో మూల రేటు ఎక్కువ. మాట వరసకు వెయ్యిమందిలో 100 మందికి ఉందనుకుందాం. గీతలు వచ్చేవి 100 నిజం, 900లో 2 శాతం అంటే 18 తప్పు. 118లో 100 నిజం, నూటికి 85. కార్డు అదే. కంపెనీ అదే, పెట్టె అదే. మారింది వరుసలో నిలబడ్డ జనం. కార్డు నిజాయితీ కార్డులోనే ఉంటుంది. గీతను ఎంత నమ్మవచ్చో మాత్రం కార్డు మీద ఎక్కడా రాసి ఉండదు.

నాకో ఈ లెక్కను తన విధానంలోనే కట్టిపెట్టుకుంది. ఊరి ఉపకేంద్రంలో ఏఎన్ఎం చేసేది ఒక్క కార్డు పరీక్ష. రియాక్టివ్ వస్తే ఆమె రోగం ఉందని చెప్పకూడదు. పెద్ద ఆసుపత్రిలో ఉండే ఐసీటీసీకి పంపాలి. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ మూడు వేర్వేరు కిట్లతో చేస్తాడు. మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ రిపోర్టు. మొదటి దానికి ఎవర్నీ వదలకపోవడం ముఖ్యం. రెండోదానికి, మూడోదానికి ఎవర్నీ అనవసరంగా పట్టుకోకపోవడం ముఖ్యం.

మూడు పరీక్షలు ఏం చేస్తాయో తలలెక్కలో చూడండి. మొదటి కార్డు తర్వాత మన చేతిలో 229 మంది, 30 నిజం, 199 తప్పు. రెండో కార్డు ఆ 30 మందినీ మళ్లీ పట్టుకుంటుంది. 199లో 2 శాతం, నలుగురికి మళ్లీ తప్పుగా వస్తుంది. మిగిలింది 34 మంది, 30 నిజం, నూటికి 88. మూడో కార్డు ఆ నలుగురిలో దాదాపు అందరినీ వదిలేస్తుంది. ఇప్పుడు మిగిలినవాళ్లలో వెయ్యికి 997 మంది నిజం.

థామస్ బేస్ అనే ఇంగ్లండు మతబోధకుడు రాసి పెట్టుకున్న వ్యాసాన్ని ఆయన చనిపోయాక మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో అచ్చు వేయించాడు. మనం ఇప్పుడు చేసిందే ఆ వ్యాసంలోంచి పుట్టిన సూత్రం. దాన్ని బోరు పందెంలా చూస్తే సులువు. మొదట 'ఉంది', 'లేదు' నిష్పత్తి 30కి 9,970, అంటే 1కి 332. రియాక్టివ్ గీత ఉన్నవాళ్లలో దాదాపు నూటికి నూరుగురికి వస్తుంది, లేనివాళ్లలో నూటికి ఇద్దరికి వస్తుంది. నూరుని రెండుతో భాగిస్తే 50. కాబట్టి ఒక్కో గీత 'ఉంది' వైపును 50 రెట్లు చేస్తుంది:

1 : 332 → 50 : 332, అంటే 1 : 6.6

రెండో గీత మళ్లీ 50 రెట్లు, 7.5 : 1. మూడోది ఇంకో 50 రెట్లు, సుమారు 376 : 1.

50 రెట్లు అంటే చిన్న సాక్ష్యం కాదు. చాలా బలమైనది. అయినా 332 అంత దూరంలో మొదలుపెట్టిన మనిషిని ఒక్క అడుగులో గట్టుకు చేర్చలేదు. క్షయ వార్డులో మొదలే 1కి 9. అక్కడ ఒక్క గీతకే 50కి 9 అవుతుంది.

ఈ గుణకారం మీద ఒక షరతు ఉంది, దాన్ని చాలామంది దాటేస్తారు. రెండో పరీక్ష 50 రెట్లు బలం ఇవ్వాలంటే, మొదటి దాన్ని మోసం చేసిన కారణం రెండోదాన్ని మోసం చేయకూడదు. ఒక అమ్మాయి రక్తంలో మొదటి కార్డు మీద పూసిన ప్రోటీన్‌కు అతుక్కునే వేరే యాంటీబాడీ ఉందనుకోండి. అదే కిట్ పెట్టెలోంచి ఇంకో కార్డు తీసి చేస్తే మళ్లీ అదే గీత వస్తుంది. మూడోసారి చేసినా అంతే. మూడుసార్లు అదే సాక్షిని పిలిచినట్టే గాని ముగ్గురు సాక్షులను పిలిచినట్టు కాదు. అందుకే నాకో మూడు కిట్లూ వేర్వేరు యాంటీజెన్లతోనో, వేర్వేరు సూత్రంతోనో పనిచేసేవై ఉండాలంటుంది. ఇక ప్రైవేటుగా 'మళ్లీ చేయించాం, మళ్లీ వచ్చింది' అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది అదే కిట్టా, వేరే కిట్టా అని.

మూడు కార్డులూ ఒక్క మాట చెప్పకపోతే? రెండు రియాక్టివ్, ఇంకోటి కాదు. అప్పుడు 'అనిశ్చితం' అని రాసి, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత కొత్త రక్తంతో మళ్లీ చేస్తారు. నిజంగా కొత్తగా సోకి ఉంటే ఆ లోపల యాంటీబాడీలు పెరిగి అన్ని కార్డులూ ఒప్పుకుంటాయి.

మన తలలెక్కలో ఎవరికైనా అనుమానం రావలసిన చోటు ఇంకొకటి ఉంది. 10,000లో 30 అన్నాం. ఆ 10,000 మంది ఎవరు? చెరువు కింద బోరుకూ గుట్ట మీద బోరుకూ ఒకే లెక్క వేసే రైతు ఉండడు. అలాగే భర్తకు ఇప్పటికే హెచ్ఐవీ ఉన్న గర్భిణిని ఆ వరుసలో నిలబెట్టకూడదు. ఆమె వరుస వేరు, ఆ వరుసలో మొదటి గీతే చాలా బరువైనది. ఐసీటీసీ కౌన్సెలర్ పరీక్షకు ముందు అడిగే ఇబ్బందికరమైన ప్రశ్నలు ఆమె ఏ వరుసలో మనిషో తెలుసుకోవడానికి కూడా ఉపయోగపడతాయి. అయితే ఇక్కడొక జాగ్రత్త. ఊరు పేరు, కులం పేరు, మొగుడు బెంగళూరుకు వలస వెళ్తాడన్న మాట పట్టుకుని కౌన్సెలర్ తన ఊహతో వరుస మార్చేస్తే, అది మూల రేటు కాదు, పక్షపాతం.

2 శాతం అన్న అంకె కూడా ప్రయోగశాల అంకె. అనంతపురం మే నెల అంకె కాకపోవచ్చు. ఈ కిట్లను సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీల మధ్య నిలవ ఉంచాలి. బయట 42 ఉన్నప్పుడు ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగని గదిలో అల్మారాలో పెట్టిన పెట్టె సంగతి ఆలోచించండి. ఇంకో తప్పు ఇంకా మామూలుది. కిట్ మీద రాసిన నిమిషాల్లోపు కార్డు చదవాలి. క్యూలో నలభై మంది ఉన్నప్పుడు కార్డును బల్ల మీద పెట్టి, బీపీలు చూసి, ఇంజెక్షన్లు వేసి, గంట తర్వాత వచ్చి చూస్తే, ఆరిపోయిన కార్డు మీద సన్నని నీడలాంటి గీత కనిపించవచ్చు. దాన్ని రియాక్టివ్ అని రాసుకుంటే అది కార్డు తప్పు కాదు.

ఇలాంటివి పసిగట్టడానికీ తలలెక్కే పనికొస్తుంది. మన అంకెల ప్రకారం వెయ్యిమంది గర్భిణులకు సుమారు 23 గీతలు రావచ్చు. ఒక కేంద్రంలో ఒక నెల వెయ్యికి 60 వచ్చాయంటే ఆ ఊళ్లో రోగం ఒక్కసారిగా ప్రబలిందనుకునే ముందు పెట్టె బ్యాచ్ నంబరు, అల్మారా, గడియారం చూడాలి. పైకి పంపినవాళ్లలో ఎంతమందికి నిజమని తేలిందో కింది కేంద్రానికి తిరిగి చెప్పే అలవాటుంటే తేడా ఇంకా తొందరగా దొరుకుతుంది. ఆ తిరుగు కబురు చాలాచోట్ల చేరదు, అందువల్ల ఏఎన్ఎంకు తన గీతలు ఎన్ని నిజమయ్యాయో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి.

గీత రానివాళ్ల సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. 10,000లో 9,771 మందికి గీత రాలేదు, వాళ్లలో తప్పిపోయినవాళ్లు ఒక్కరు ఉండటం కూడా అరుదు. అక్కడ మూల రేటు మన పక్షానే పనిచేస్తుంది. సోకిన తొలి వారాల్లో యాంటీబాడీలు ఇంకా పుట్టని మనిషి విషయంలో మాత్రం ఈ భరోసా లేదు.

రక్తనిధిలో లెక్క అదే అయినా నిర్ణయం తిరగబడుతుంది. దాత సంచిలో ఒక్క పరీక్ష రియాక్టివ్ అయితే చాలు, ఆ రక్తాన్ని పారేస్తారు. పారేసిన సంచుల్లో ఎక్కువ భాగం మంచివే అయి ఉండవచ్చు. పర్వాలేదు. ఒక సంచి పోవడం వేరు, ఒక మనిషికి రోగం అంటగట్టడం వేరు. దాతకు రోగం ఉందా అన్నది మళ్లీ ఐసీటీసీలో మూడు కార్డులతోనే తేలాలి.

కొన్నేళ్ల క్రితం వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్ఐవీ బాగా ఎక్కువగా ఉన్న దేశాల్లో రెండు రియాక్టివ్‌లు చాలనేది. 2019లో మాట మార్చింది, అన్ని దేశాల్లోనూ మూడు కావాలంది. కిట్లు చెడిపోయినందుకు కాదు. మందులు అందినవాళ్లు పెరిగారు, రోగం ఉన్నవాళ్లలో చాలామందికి ఇప్పటికే తెలిసిపోయింది, వాళ్లు పరీక్ష వరుసలో నిలబడటం తగ్గింది. మిగిలిన వరుసలో మూల రేటు పడిపోయింది. రోగాన్ని ఎంత గెలిస్తే మిగిలిన గీతల్లో అబద్ధం వాటా అంత పెరుగుతుంది. మన 30ని 10 చేసి చూడండి. తప్పుడు గీతలు దాదాపు 200 అలాగే ఉంటాయి, నిజమైనవి 10కి పడిపోతాయి. ఎనిమిది మందిలో ఒకరు కాస్తా ఇరవై ఒక్కరిలో ఒకరవుతారు.

ఒక ఉపకేంద్రంలో నేను కూర్చుని ఉండగా ఐదో నెల గర్భిణికి గీత వచ్చింది. ఏఎన్ఎం కార్డును రిజిస్టరు కింద పెట్టి, మిగిలినవాళ్లను బయట కూర్చోమంది. ఆ అమ్మాయి గొంతు పెగలక, "మేడం, నాకుందా?" అంది.

"నేను చెప్పలేనమ్మా. ఈ గీత వచ్చినోళ్లను ఎనిమిది మందిని పంపిస్తే, ఏడుగురికి లేదనే తేలుతుంది. పెద్దాసుపత్రిలో ఇంకా మూడు చేస్తారు, అన్నీ వేరే వేరే. రేపు పొద్దున ఎనిమిది గంటల బస్సుకు రా, నేనూ వస్తాను. అప్పటిదాకా ఇంట్లో ఎవ్వరికీ ఏమీ చెప్పొద్దు, రక్తం తక్కువుంది, మళ్లీ చూడాలన్నారని చెప్పు."

ఆ అమ్మాయి చీటీ మడిచి జాకెట్టులో పెట్టుకుని, "ఎనిమిదిలో ఏడా మేడం?" అని మళ్లీ అడిగింది.